మీ పాప విషయంలో మీరిచ్చిన ఫిర్యాదుకు జవాబు

అమ్మా, నమస్కారం.

సోమవారం మీ ఉత్తరం అందగానే లెక్కల టీచర్‌తో, తర్వాత క్లాసులోని ఇద్దరు పిల్లలతో విడివిడిగా మాట్లాడాను. మీరు రాసింది నిజమే. టీచర్ పాప పరీక్ష పేపరు అందరికీ ఎత్తి చూపించి, మార్కులు పైకి చదివి, "ఇలాగైతే ఏడో తరగతికి ఎలా వెళ్తావు?" అన్నారు. పిల్లలు నవ్వారు. టీచర్ కూడా కాదనలేదు.

సిలబస్ టెన్షన్‌లో అలా అనేశానని ఆమె చెప్పారు. దాన్ని నేను ఒప్పుకోలేదు. నలుగురిలో తల దించుకున్న పిల్లకి మళ్లీ డౌట్ అడగాలంటే నోరు పెగలదు. జరిగినదానికి బడి తరఫున మిమ్మల్నీ, పాపనీ క్షమించమని అడుగుతున్నాను.

టీచర్‌కు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చాను. ఇకపై ఏ క్లాసులోనూ మార్కులు పైకి చదవరు, పేపర్లు మడిచి ఎవరివి వాళ్లకే ఇస్తారు. పాపకు సారీ చెబుతానని టీచర్ అన్నారు. వినడం ఇష్టమో కాదో, ఎవరి ముందు చెప్పాలో పాపనే అడగండి, బలవంతం ఏమీ లేదు. అన్నట్టు, పేపరు నేనూ చూశాను. పద్ధతంతా సరిగ్గానే ఉంది, భిన్నాల కూడిక దగ్గరే తడబడింది.

శుక్రవారం మూడు గంటలకు వీలైతే రండి, కూర్చుని మాట్లాడదాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు