మురుగు కాలువ సర్వే నివేదిక: గడువు జనవరి 5కి మార్చమని విన్నపం

అమలాపురం
8 డిసెంబరు 2025, సోమవారం

కొబ్బరి రైతుల సంఘం ప్రెసిడెంటు గారికి,

విషయం: మామిడికుదురు మండలంలోని మన మురుగు కాలువ సర్వే, స్లూయిస్ ప్రతిపాదన నివేదిక. డిసెంబరు 15 బదులు 2026 జనవరి 5న ఇచ్చేందుకు మీ అనుమతి కోసం.

నమస్కారమండీ.

ఒప్పందం ప్రకారం వచ్చే సోమవారానికి నివేదిక మీ చేతికి రావాలి. పూర్తి నివేదిక ఆ రోజుకి రాదు. జనవరి 5, సోమవారం సాయంత్రం 4 గంటలకి మీ సంఘం ఆఫీసుకి నేనే తెచ్చి ఇస్తాను. గడువుకి ఇంకా వారం ఉండగానే రాస్తున్నాను. 15న డ్రైనేజీ ఇంజనీరు గారిని కలుద్దామని మీరు అనుకుంటున్నట్టు కార్యదర్శి గారు చెప్పారు. నివేదిక ఆలస్యమవుతుందన్న మాట మీరు ఇంజనీరు గారికి ముందే చెప్పుకోగలిగితే బాగుంటుందని నా ఉద్దేశం.

పని ఎంతవరకు వచ్చిందో ముందు చెబుతాను. మొత్తం 6.4 కిలోమీటర్ల కాలువలో ఎగువన 4.1 కిలోమీటర్లు అయిపోయింది. యాభై మీటర్లకి ఒకటి చొప్పున, కాలువని అడ్డంగా గట్టు నుంచి గట్టు దాకా కొలిచే అడ్డుకోతలు 129 తియ్యాలి, 83 తీశాం. అక్కడ పూడిక ఎక్కడ ఎంత ఉందో, గట్టు ఎక్కడ కుంగిందో, ఎవరి బోదె ఎక్కడ కలుస్తోందో అంతా కాగితం మీదకి వచ్చింది. మిగిలింది దిగువ 2.3 కిలోమీటర్లు, అంటే వైనతేయ పాయలో కలిసే చోటు వరకు. మీకు అసలు బాధంతా ఆ భాగంలోనే. ఉప్పు నీరు ఎగదన్ని కొబ్బరి మొవ్వులు వాలిపోతున్నది అక్కడే, స్లూయిస్ కట్టమని మీరు అడగబోయేదీ అక్కడే.

ఆలస్యానికి మొదటి కారణం గట్టు. అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర మొంథా తుపాను తీరం దాటాక దిగువ చేలల్లో సార్వా వరి ఎలా పడిపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు లాగక కోతలు వెనకబడ్డాయి. బురదలో యంత్రం దిగదు, కూలీలతో కోయిస్తున్నారు. కోసిన ధాన్యం ఆరబోసుకోవడానికి ఆ చుట్టుపక్కల పొడిగా ఉన్న జాగా మురుగు కాలువ గట్టు ఒక్కటే. గత వారం మేం వెళ్లేసరికి వంతెన దగ్గర నుంచి కనుచూపు మేర టార్పాలిన్లే. మా టోటల్ స్టేషన్ స్టాండు మూడు కాళ్లు పెట్టడానికి కూడా చోటు లేదు. ఒక పెద్దాయన తన పట్టా కొంచెం జరిపి, "బాబూ, నాలుగు ఎండలు కాయనీ, గట్టు మొత్తం ఖాళీ చేసి ఇస్తాం" అన్నాడు. తేమ ఎక్కువుందని ధాన్యం వెనక్కి పంపితే ఆయన ఏడాది కష్టం పోతుంది. వాళ్లంతా మీ సభ్యులే. పట్టాలు తియ్యమని నేను గట్టిగా అడగలేదు, మీరు అడిగించాలని కూడా కోరడం లేదు.

రెండో కారణం పోటు కొలతలు. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే గడువు మూడు వారాలు జరగడానికి అసలు కారణం ఇదే.

స్లూయిస్ తలుపు కింద గడప ఎంత ఎత్తులో ఉండాలి, తలుపు ఎంత ఎత్తు ఉండాలి అనేది రెండు మట్టాలు చూసి తేల్చాలి. పెద్ద పోటుకి పాయలో నీరు ఎంత ఎత్తు లేస్తుంది, పాటుకి ఎంత కిందకి దిగుతుంది. పెద్ద పోటు అమావాస్యకి, పౌర్ణమికి వస్తుంది, అదీ సరిగ్గా ఆ రోజు కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాత ముదురుతుంది. ఈ నెల 4న పౌర్ణమి. ఆ లెక్కతోనే 1వ తేదీన కాలువ నోటి దగ్గర గేజీ స్కేలు పాతి, సముద్ర మట్టం లెక్కకి కట్టి, రీడింగులు మొదలుపెట్టాం. 3వ తేదీ రాత్రి ఎగువన తూము దగ్గర పేరుకున్న గుర్రపుడెక్కని రైతులు కోసి వదిలేశారు. చేలల్లో నీరు లాగాలంటే వాళ్లకి అంతకన్నా దారి లేదు. ఆ డెక్క అంతా ఒక్క చాపలా దిగువకి వచ్చి మా గుంజకి తట్టుకుంది. పొద్దున్నకి గుంజ పక్కకి వంగి ఉంది, స్కేలు సగం డెక్క కింద ఉంది. డెక్క లాగించి, లావు సరుగుడు బాదు తెప్పించి, మళ్లీ పాతి, మళ్లీ లెవెల్ కట్టేసరికి 6వ తేదీ సాయంత్రం అయింది. అప్పటికి పెద్ద పోటు తలకొన దాటిపోయింది.

కాకినాడ రేవుకి ముందుగా వేసిన పోటు పట్టికలు ఉంటాయి కదా, అవి చూసి రాసేయకూడదా అని మీరు అడగవచ్చు. మా ఆఫీసులో కుర్రాడు కూడా అదే అడిగాడు. ఆ పట్టిక రేవుకి పనికొస్తుంది. పాయ లోపలికి వచ్చేసరికి పోటు ఆలస్యంగా వస్తుంది, ఎత్తు మారుతుంది. పాయ నోట్లో ఇసుక మేట ఎక్కడ ఉంటే దాన్ని బట్టి కూడా తేడా వస్తుంది. రేవు లెక్కతో తలుపు పెడితే అర అడుగు అటూ ఇటూ అయినా రెండు కష్టాలు. తక్కువైతే అమావాస్య పోటుకి ఉప్పు నీరు తలుపు మీంచి దూకుతుంది. గడప ఎత్తైతే వానాకాలంలో మురుగు లాగదు, చేలు మునుగుతాయి. ఒకసారి కాంక్రీటు పోశాక గడప దింపడం మన వల్ల కాదు.

తరువాతి పెద్ద పోటు మార్గశిర అమావాస్యకి. 19 శుక్రవారం తెల్లవారుజామున అమావాస్య ఘడియలు మొదలై 20 ఉదయం వరకు ఉన్నాయి. 18 నుంచి 23 వరకు రాత్రింబవళ్లు అరగంటకి ఒకసారి రీడింగు తీయిస్తాం. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ఒక్కో రోజు ముప్పావు గంటకి పైగా వెనక్కి జరుగుతాయి కాబట్టి రాత్రి మనిషి లేకుండా కుదరదు. ఈసారి స్కేలు ఒక్కటే కాదు, రెండు. ఒకటి సరుగుడు బాదుకి, రెండోది పాత వంతెన కాలి మీద పెయింటుతో. డెక్క మళ్లీ వచ్చినా వంతెన కాలు ఎక్కడికీ పోదు. పెద్ద పాటు రోజుల్లో కాలువ అడుగు బాగా తేలుతుంది కాబట్టి అదే సమయంలో మిగిలిన 46 అడ్డుకోతల్లో నడుమ భాగం కొలిచేస్తాం. అప్పటికి గట్టు మీద ధాన్యం కూడా తీసేస్తారు, ఆ పక్కల కొలతలు 24 నుంచి 26 లోపు అవుతాయి. 27న అష్టమి ప్రాంతంలో చిన్న పోటు కూడా ఒక రోజు చూస్తాం. 29 నుంచి జనవరి 2 వరకు ఆఫీసు పని. 3వ తేదీ శనివారం చిత్తు ప్రతి మీకు పంపుతాను, తెలుగులో రాసిన భాగం మీరు, కార్యదర్శి గారు ఒకసారి చదవండి. 5న తుది ప్రతి, మూడు సెట్లు అచ్చువి, ఒకటి పెన్‌డ్రైవులో. భోగి 14న. ఆ వారంలోకి జారితే మన కోనసీమలో కనుమ ప్రభల తీర్థం దాటేదాకా ఎవరూ కాగితం ముట్టరు. అందుకే 10, 12 అనకుండా 5నే పెట్టుకున్నాను.

ఈ లోపు మీ పని ఆగకుండా, ఎగువ 4.1 కిలోమీటర్ల మ్యాపు, పొడవు కోత, 83 అడ్డుకోతలు, పూడిక క్యూబిక్ మీటర్ల లెక్క ఈ శుక్రవారం 12న పంపుతాను. పూడికతీత అర్జీకి అంతవరకు చాలు. 15న ఇంజనీరు గారి దగ్గరకి దాంతో వెళ్లవచ్చు, స్లూయిస్ భాగం జనవరి 5 తర్వాత జత చేస్తామని చెప్పవచ్చు. మన డెల్టాలో కాలువ పనులు ఎలాగూ కాలువలు కట్టేసే వేసవిలోనే చేస్తారు. ప్రతిపాదన జనవరి మొదట్లో చేరితే ఆ సీజనుకి అందుతుందని నాకు నమ్మకం.

డిసెంబరు 15కే మొత్తం కావాలంటే దానికీ ఒక దారి ఉంది. దిగువ భాగం 6వ తేదీ తర్వాతి రీడింగులతో అంచనా వేసి, ప్రతి పేజీ మీద "అంచనా మాత్రమే" అని రాసి ఇవ్వగలను. నా సలహా మాత్రం వద్దనే. ఆ కాగితం మీద ఆధారపడి రేపు ఎవరైనా గడప మట్టం ఖాయం చేస్తే, ఉప్పు నీటికి బలి అయ్యేది మళ్లీ మీ తోటలే.

ఇక డబ్బు సంగతి. గేజీ మళ్లీ పాతిన ఖర్చు, రాత్రి మనుషుల కూలి మావే, మీ బిల్లులో పైసా పెరగదు. చివరి వాయిదా 60,000 రూపాయలు నివేదిక అందాకే ఇవ్వండి. జనవరి 5 దాటితే రోజుకి 2,000 చొప్పున అందులోంచి తగ్గించుకోండి, నేనే రాసి ఇస్తున్నాను.

మీ వైపు నుంచి రెండు సాయాలు కావాలి. ఈ గడువు మార్పుకి సరేనని బుధవారం 10వ తేదీలోగా ఒక మెసేజ్ పెట్టండి, అప్పుడే రాత్రి మనుషులకి, దోనెకి మాట ఇవ్వగలను. 18 నుంచి 23 వరకు తూము దగ్గర డెక్క కోసే పని ఉంటే ముందు రోజు నాకు ఒక ఫోను చేయించండి చాలు, ఆపక్కర్లేదు.

రేపు సాయంత్రం నేను రాజోలు వైపు వస్తున్నాను. మీరు ఇంటి దగ్గర ఉంటే మ్యాపు పట్టుకుని వచ్చి చూపిస్తాను.

ఇట్లు,
మీ సత్యనారాయణ
సర్వే ఇంజనీరు, అమలాపురం

ప్రతి: సంఘం కార్యదర్శి గారికి