రాజ్యాంగం, జ్యూరిస్‌ప్రుడెన్స్: జూలై నుంచి నవంబర్ దాకా నీ ప్లాన్

తమ్ముడూ,

నువ్వు బరంపురంలో జిరాక్స్ తీయించి పంపిన అయిదేళ్ల లా పరీక్ష పేపర్లు రెండు రాత్రులు కూర్చుని చూశాను. ఏ ప్రశ్న వస్తుందో ఊహించడానికి వాటిని వాడకు. నా ఫైనల్ ఇయర్లో అలా ఊహించి మూడు చాప్టర్లు వదిలేశాను, రెండు వచ్చాయి. ఒకే విషయాన్ని ఎన్ని రకాలుగా అడుగుతారో తెలుసుకోవడానికి వాడు. రెండు సబ్జెక్టులనూ జోడించి చదువు. ప్రతి కేసు పక్కన చట్టమంటే ఏమిటో చెప్పిన ఒక జ్యూరిస్టును కూర్చోబెట్టు.

జూలై మొదటి రెండు వారాలు. జవాబులు వద్దు, రిజిస్టర్ కట్టు. పొడవాటి నోట్‌బుక్కులో ప్రశ్న, చాప్టర్, మార్కులు, ఎలా అడిగారు అని నాలుగు గడులు గియ్యి. ప్రాణానికీ స్వేచ్ఛకీ హక్కునిచ్చే ఆర్టికల్ 21 నీ పేపర్లలో మూడు రూపాల్లో ఉంది. ఒకసారి వ్యాసం, ఒకసారి షార్ట్ నోట్, ఒకసారి ప్రభుత్వం ఎవరిదో పాస్‌పోర్టు లాక్కున్న కథ. మూడో దానికి పేజీల కొద్దీ చరిత్ర రాస్తే మార్కులు రావు. ముందు సమస్య ఏమిటో ఒక వాక్యంలో పెట్టాలి.

ఆగస్టు చివరి దాకా: ప్రాథమిక హక్కులు. 12, 13, 14, 19, 21, 32. తొందర పడకు, మార్కులు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. గోపాలన్ (1950) నుంచి మేనకా గాంధీ (1978) దాకా, అక్కడి నుంచి పుట్టస్వామి (2017) దాకా ఒకే దారిగా చదువు. మధ్యలో 1976 నాటి ఏడీఎం జబల్‌పూర్ కేసు దగ్గర ఆగు. ఎమర్జెన్సీలో అరెస్టయినవాళ్లు హెబియస్ కార్పస్ అడగలేరని నలుగురు జడ్జీలన్నారు, జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఇక్కడే ఆస్టిన్, సహజ న్యాయవాదం చదువు. ఆస్టిన్ అన్నట్టు సార్వభౌముడి ఆజ్ఞే చట్టమైతే ఖన్నా ఏ ఆధారంతో కాదన్నారు? ఈ ప్రశ్నకు సొంత మాటల్లో ఒక పేజీ రాయి. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. నువ్వూ గబగబా దాటిపోవద్దు.

సెప్టెంబర్: మౌలిక స్వరూపం, అంటే రాజ్యాంగంలో పార్లమెంటు సవరణతో కూడా చెరపలేని భాగం. శంకరీ ప్రసాద్ (1951), గోలక్‌నాథ్ (1967), కేశవానంద భారతి (1973, పదమూడు మంది జడ్జీలు, 7-6), మినర్వా మిల్స్ (1980). వరస తప్పితే జవాబు కూలిపోతుంది. పక్కన కెల్సన్. 'మన రాజ్యాంగమే గ్రండ్‌నార్మ్' అని అందరూ రాసేస్తారు. కెల్సన్ చెప్పింది అది కాదు. మొదటి రాజ్యాంగానికి లోబడాలని మనం ముందే అనుకునే ఆ ఊహే గ్రండ్‌నార్మ్. ఈ తేడా రెండు వాక్యాల్లో రాసినా దిద్దేవాడు ఆగి చూస్తాడు. ఏది చట్టమో గుర్తుపట్టడానికి హార్ట్ చెప్పిన రికగ్నిషన్ రూల్ కూడా ఈ నెలలోనే.

దసరా సెలవులు. పర్లాకిమిడి వెళ్తావు కదా, పుస్తకాలు మోయకు. నాన్నకు తెలుగులో 29, 30, 350ఎ ఆర్టికల్స్ చెప్పు. ఒడిశాలో మనం భాషా మైనారిటీ. మైనారిటీని రాష్ట్రం వారీగా లెక్కించాలని టీఎంఏ పై కేసులో (2002) సుప్రీంకోర్టు చెప్పింది. నాన్న 'అయితే మన పిల్లలకు తెలుగు బడి ఉండాలి కదా?' అని అడుగుతారు. అక్కడ తడబడితే నీకింకా రాలేదన్నమాట. ఇంట్లో తెలుగులో చెప్పగలిగింది పరీక్షలో ఇంగ్లిష్‌లో తేలిగ్గా వస్తుంది.

అక్టోబర్ మిగతా రోజులు. రాష్ట్రపతి పాలన గురించిన 356, దాని మీద బొమ్మై కేసు (1994). రాష్ట్రాల మధ్య తగాదాకు 131, సరిహద్దులు మార్చడానికి 3. ఆంధ్రా, ఒడిశా రెండూ మావేనంటున్న కొఠియా గ్రామాల సంగతి మనవైపు అందరికీ తెలుసు, ఉదాహరణగా వాడు. నియమగిరి (2013) తప్పకుండా చదువు. కొండ మీద హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది కోర్టు, రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు సభలూ మైనింగ్ వద్దన్నాయి. ఆచారం చట్టానికి మూలమెలా అవుతుందో చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు. హోఫెల్డ్ పట్టిక రోజూ పొద్దున్నే చూడకుండా గియ్యి: ఒకరి హక్కుకు జతగా ఎదుటివారి బాధ్యత, ఒకరి అధికారానికి జతగా ఎదుటివారి లయబిలిటీ. స్వాధీనం, యాజమాన్యం మూడు రోజుల్లో అయిపోతాయి.

నవంబర్. ప్రతి ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా పాత పేపరు పూర్తిగా రాయి. ఫోన్ వేరే గదిలో. ఒక వారం రాజ్యాంగం, ఒక వారం జ్యూరిస్‌ప్రుడెన్స్. చివరి ప్రశ్నకు టైం చాలకపోతే మొదటి జవాబు పొడుగైందని గుర్తు పెట్టుకో. ఆఖరి వారం రిజిస్టర్ తప్ప ఇంకేం తెరవకు.

ఆగస్టు రెండో ఆదివారం రాత్రికి ఆర్టికల్ 21 మీద ఒక జవాబు ఫోటో తీసి పంపు. కోర్టు నుంచి రాగానే దిద్దుతాను.

అక్క