పెట్టె తాళం

మామ్మ పాస్‌పుస్తకం నా ఒళ్లో పడేసి మళ్లీ రాట్నం ముందు కూర్చుంది.

"సంకురాత్రికి తీసీసినావు కదరా. మరి డబ్బులెందుకు పోతన్నాయి?"

తీసేశాను, నిజమే. పండక్కి పొందూరు వచ్చినప్పుడు ఆమె ఫోన్లో ఆ పురాణాల యాప్ కనపడితే, గుర్తు మీద వేలు నొక్కి పట్టి అన్‌ఇన్‌స్టాల్ చేసి, "ఇంక ఒక్క రూపాయి పోదు మామ్మా" అని కూడా అన్నాను. ఇంజినీరింగు చదివిన మనవడు చెప్పాడు కాబట్టి ఆమె నమ్మింది.

పుస్తకం తిప్పాను. నవంబరు 12న ఒక రూపాయి. డిసెంబరు నుంచి ప్రతి 12వ తారీకునా 299. మే దాకా ఆరు సార్లు, మొత్తం 1,795. అందులో నాలుగు కోతలు నేను యాప్ తీసేశాక పడ్డవే.

పింఛను ఇంటికే తెచ్చి చేతిలో పెడతారు, కాబట్టి ఆమె బ్యాంకు మొహం చూసేది తక్కువ. ఆ ఖాతాలో పడేవి నూలు డబ్బులు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఒంటి కదురు రాట్నం మీద తీసిన సన్న నూలుకి వచ్చినవి. 299 కోసం ఎన్ని పూటలు కూర్చోవాలో ఆమెకి తెలుసు. నేనడగలేదు.

కోతకి ముందు రోజు కబురు పంపాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. పంపారు కూడా. మెసేజీల్లో ఆరూ ఉన్నాయి, ఆరూ ఇంగ్లీషులో.

డబ్బు పంపే యాప్ తెరిచి లోపల వెతికితే AutoPay అని ఒక చోటుంది. అందులో ఆ పురాణాల కంపెనీ పేరు, పక్కన Active. దసరాకి ఈ డబ్బు పంపే యాప్ పెట్టి, పిన్ను నేర్పించింది కూడా నేనే. పురాణాల యాప్ ఒక్క రూపాయికి నెల రోజులంటే నొక్కింది. ఆ నొక్కుతో నెలనెలా కోసుకోమని తనే అనుమతి ఇచ్చానని ఆమెకేం తెలుసు?

"యాప్ వేరు మామ్మా, డబ్బు కోసుకునే అనుమతి వేరు. నేను యాపే తీసేశాను. అనుమతి ఇక్కడ ఉండిపోయింది."

రాట్నం ఆపింది. "అంటే ఆడిని ఇంట్లోంచి ఎల్లగొట్టీసి, పెట్టె తాళం ఆడి చేతిలోనే ఒగ్గీసినావన్న మాట."

ఏమంటాను.

Cancel నొక్కితే పిన్ను అడిగింది. గోడ మీది కేలండరు వెనక రాసుకుందట. "అలా రాయకూడదు మామ్మా" అన్నాను. "మరచిపోతే నువ్వొస్తావేటి హైదరాబాదు నుంచి?" అంది. నొక్కింది. అనుమతి రద్దయింది. డబ్బు వెనక్కి ఇమ్మని కంపెనీకి మెయిలు పెట్టాను గానీ ఆశ లేదు.

ఇంకా ఆ పురాణాల యాప్‌లో ఖాతా ఉంది. ఆమె పేరు, ఫోను నంబరు వాళ్ల దగ్గరే. అది చెరపాలంటే యాప్ మళ్లీ ఎక్కించుకోవాలి. ఎక్కించి ఖాతా తీసేయమంటే, ఎందుకు వెళ్తున్నారని ఒక ప్రశ్న. తరవాత 149కే ఇస్తామని బేరం.

"సంత ఇరిసినాక వంకాయలమ్మినట్టు" అంది మామ్మ, ఫోన్లోకి తొంగిచూస్తూ. ఆ తరవాత ఏడుపు మొహం బొమ్మ ఒకటి వచ్చింది. "ఇదేటి?"

"నువ్వెళ్లిపోతే బెంగెట్టుకుంటాడంట."

"నామీద కాదులే."

ఇంక చివరి మీట మిగిలింది. నొక్కబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఈ నెల డబ్బులు కట్టీసినాం కదా?"

"కట్టేశాం. జూన్ 11 దాకా వస్తుంది."

"అయితే ఓ పాలి ఏనుగు కథ పెట్టు. మొసలి పట్టుకున్న కాడ ఆగిపోనాది. నువ్వు తీసీసినావు."

జనవరి నుంచి ఆ ఏనుగు మడుగులోనే ఉందన్న మాట. ఇన్నాళ్లూ నాతో అనలేదు. రోజూ మధ్యాహ్నం ఫోనెత్తినప్పుడు చెబుతూనే ఉంది, మోకాళ్ల గురించి, పక్కింటి దూడ గురించి.

పెట్టాను. ఓ ముసలాయన గొంతు, తీరుబడిగా చదువుతున్నాడు. మామ్మ రాట్నం తిప్పుతూ వింది. శ్రీహరి ఉన్నవాడు ఉన్నట్టు బయల్దేరే చోట చెయ్యి ఆగి, పోగు తెగింది. అతికించుకుని మళ్లీ తిప్పింది. కథ అయ్యేసరికి వీధిలో ఎండ దిగింది.

"సాలు. ఇటియ్యి, నాను నొక్కుతాను."

నూలు తీసి తీసి అరిగిపోయిన వేలు. మొదటిసారి ఫోను పట్టించుకోలేదు. చీర కొంగుకి తుడుచుకుని ఇంకోసారి, ఇంకోసారి. మూడోసారికి ఖాతా పోయింది. ఆ తరవాత యాప్ నేను తీశాను.

"పోనాదేటి?"

"పోయింది మామ్మా."

పాస్‌పుస్తకం నా ఒళ్లోంచి తీసి బొడ్లో దోపుకుంది.

"జూన్ పన్నెండుకి బేంకుకెల్లి సూసుకుంటాను. నీ మాట ఓ పాలి నమ్మినాను కదా."