అత్తయ్యా, మీరు పంపిన ఫండ్ ఫ్యాక్ట్‌షీట్‌లో ఏముందంటే

అత్తయ్యా,

బ్యాంకు అబ్బాయి ఇచ్చిన కాగితం పూర్తిగా చదివాను. మార్చి 2025 ఫ్యాక్ట్‌షీట్ అది, అంటే ఆ నెలాఖరుకు ఫండ్ పరిస్థితి. అతను పెన్నుతో గుండ్రంగా చుట్టిన 25.2 శాతం గురించే మీరు అడిగారు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

రాబడుల పట్టికలో మూడు వరసలున్నాయి. ఏడాదికి 4.1 శాతం, మూడేళ్లకు ఏటా 12.6, ఐదేళ్లకు ఏటా 25.2. చివరిది చక్రవడ్డీ లెక్క. 2020 మార్చి ఆఖర్లో పెట్టిన పదివేలు ఇప్పటికి సుమారు 30,700 అయ్యాయని అర్థం. లెక్క తప్పేం కాదు. కానీ ఆ మొదలైన తేదీ చూడండి. కరోనాకు మార్కెట్ కుప్పకూలిన నెల అది. జనవరిలో 12,300 పైన ఉన్న నిఫ్టీ మార్చి 23కి 7,610కి దిగింది, దాదాపు 38 శాతం పోయింది. నెలాఖరుకు కాస్త లేచినా ఇంకా అడుగునే ఉంది. క్వార్టర్లీలో పదిహేను మార్కులు తెచ్చుకున్న పిల్లాడు యాన్యువల్‌లో నలభై ఐదు తెచ్చుకుంటే మూడు రెట్లు పెరిగాడంటాం. అంతమాత్రాన వచ్చే ఏడు నూట ముప్పై ఐదు తెస్తాడని మీరు రాసివ్వరు కదా! ఈ 25 కూడా అలాంటిదే. పడిపోయిన రోజుకు ముందు పెట్టినవాళ్లు ఎంత చూశారో ఈ పట్టికలో లేదు.

అతను పెన్ను పెట్టని గడి ఒకటి పక్కనే ఉంది. అది బెంచ్‌మార్క్, అంటే ఫండ్‌ను పోల్చి చూసే సూచీ. ఇక్కడ నిఫ్టీ 500 టీఆర్‌ఐ, డివిడెండ్లు కూడా కలిపి లెక్కేసేది. దానికి ఏడాదికి 6 శాతానికి పైన, మూడేళ్లకు దాదాపు 14, ఐదేళ్లకు 26 పైన వచ్చింది. మూడు వరసల్లోనూ ఫండే వెనకబడింది. ఎవరి తెలివీ అక్కర్లేకుండా సూచీని అనుసరించే ఫండ్ తక్కువ ఖర్చుతో దొరుకుతున్నప్పుడు, దీనికి ఎక్కువ రుసుము ఎందుకు కట్టాలన్నది నా మొదటి అనుమానం.

రుసుము అంటే ఎక్స్‌పెన్స్ రేషియో. రెగ్యులర్ ప్లాన్‌కు ఏటా 1.72 శాతం, డైరెక్ట్ ప్లాన్‌కు 0.68. ఫండ్ ఒకటే, షేర్లూ అవే. తేడా మధ్యవర్తి కమీషన్ వల్ల వస్తుంది. మీ ఫారంలో టిక్ పెట్టింది రెగ్యులర్‌కి. మీరు పెట్టాలనుకుంటున్న ఎనిమిది లక్షల మీద ఏడాదికి ఎనిమిది వేల పైచిలుకు తేడా, అదీ విడిగా బిల్లు రాదు, రోజూ ఎన్‌ఏవీలోంచి, అంటే ఒక్కో యూనిట్ ధరలోంచి, కాస్త కాస్త తీసేస్తారు. అబ్బాయి మంచివాడే కావచ్చు, కానీ ఈ మాట అతను చెప్పి ఉండాల్సింది.

మేనేజర్ గురించి రెండు లైన్లే ఉన్నాయి. పదహారేళ్ల అనుభవం అని రాశారు. దాని కింద చిన్న అక్షరాల్లో, ఈ ఫండ్‌ను 2023 జూన్ నుంచి చూస్తున్నట్టు ఉంది. అంటే ఐదేళ్ల రాబడిలో మొదటి మూడేళ్ల పైచిలుకు ఆయన చేతి పని కాదు. మంచైనా చెడైనా ఆయనదంటూ ఉన్నది రెండేళ్లు కూడా నిండలేదు. దాన్నిబట్టి ఆయన్ని మెచ్చుకోలేం, తీసిపారేయలేం కూడా.

ఇక డబ్బు ఎక్కడ పెట్టారంటే: ఇది ఫ్లెక్సీ క్యాప్ ఫండ్. కనీసం 65 శాతం షేర్లలో ఉండాలి, పెద్ద కంపెనీలా చిన్నవా అన్నది మేనేజర్ ఇష్టం. ఇప్పుడు 94.6 శాతం షేర్లలో ఉంది, మిగిలింది నగదు. అందులో పెద్ద కంపెనీలు 62, మధ్య రకం 19, చిన్నవి 13.6. మొత్తం 58 కంపెనీలున్నా మొదటి పదింటిలోనే 43 శాతం ఉంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ 8.6, ఐసీఐసీఐ 7.4, ఆ తర్వాత రిలయన్స్, ఇన్ఫోసిస్, ఎయిర్‌టెల్, ఎల్ అండ్ టీ, యాక్సిస్, ఎస్‌బీఐ, సన్ ఫార్మా, టీసీఎస్. ఆ పదిలో నాలుగు బ్యాంకులే, కలిపి దాదాపు 22 శాతం. మన ఊరి దివీస్ కూడా కింద ఎక్కడో 1.3 శాతంతో ఉంది.

పేర్లన్నీ తెలిసినవే కాబట్టి భయం లేదని మీరు ఫోన్లో అన్నారు. ఎస్‌బీఐలో మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ వేరు, ఎస్‌బీఐ షేరు వేరు అత్తయ్యా. డిపాజిట్‌కు వడ్డీ ముందే ఖాయం, ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల దాకా బీమా కూడా ఉంది. షేరు ధర రేపు ఎంతుంటుందో బ్యాంకు ఛైర్మన్ కూడా చెప్పలేడు.

కాగితం మీద స్పీడోమీటర్‌లా ఉన్న బొమ్మ రిస్కోమీటర్. సెబీ నిబంధన ప్రకారం ప్రతి ఫండూ వేయాలి. తక్కువ నుంచి ‘వెరీ హై’ దాకా ఆరు మెట్లు. దీని ముల్లు చివరి మెట్టు మీద ఉంది. అలాగని ఈ ఫండ్‌లో ప్రత్యేకంగా ఏదో లోపం ఉందనుకోవద్దు, షేర్ల ఫండ్లు దాదాపు అన్నీ అక్కడే ఉంటాయి. కాబట్టి రెండు షేర్ల ఫండ్లలో ఏది మేలో ఈ బొమ్మ చెప్పదు. ‘కొంచెం రిస్క్ ఉంటుందమ్మా’ అన్న మాటకు మాత్రం ఇదే జవాబు, కొంచెం కాదు. 2020లో సూచీ పడ్డంత మళ్లీ పడితే ఎనిమిది లక్షలు ఐదు లక్షల దగ్గర కనిపిస్తాయి. లేవడానికి ఎంత కాలమో ఎవరూ చెప్పరు.

మిగతావి చిన్న విషయాలు. ఏడాదిలోపు తీస్తే 1 శాతం ఎగ్జిట్ లోడ్. ఏడాది దాటాక అమ్మితే, షేర్లు, షేర్ల ఫండ్ల మీద ఆ ఆర్థిక సంవత్సరంలో వచ్చిన మొత్తం లాభంలో 1.25 లక్షలు దాటినదానిపై 12.5 శాతం పన్ను, ఏడాదిలోపైతే లాభమంతటి మీదా 20.

నా మాట అడిగారు కాబట్టి చెబుతున్నాను. వనస్థలిపురం ఇంటి మీద పై పోర్షన్ వేయడానికి రెండేళ్లలో కావాల్సిన మూడు లక్షలు ఇందులో పెట్టొద్దు, డిపాజిట్‌లోనే ఉంచండి. మిగతా ఐదు లక్షల్లో కనీసం ఏడేళ్లు ముట్టుకోనంటే కొంత షేర్ల వైపు వెళ్లొచ్చు, మీ పెన్షన్‌తో ఇల్లు గడుస్తోంది కదా. కానీ ఈ ఫండే కావాలని నాకు ఈ కాగితంలో ఎక్కడా అనిపించలేదు. పైన చెప్పిన సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్ ఒకదాని డైరెక్ట్ ప్లాన్‌లో, ఒకేసారి కాకుండా నెలనెలా వేసుకుంటూ పోతే మీకు టెన్షన్ తక్కువ.

అతను మళ్లీ ఫోన్ చేస్తే మూడు అడగండి. 2020 జనవరిలో పెట్టినవాళ్లకు ఇప్పటికి ఏటా ఎంత పడింది? సూచీ కంటే ఎందుకు వెనకబడింది? డైరెక్ట్ ప్లాన్ ఫారం ఎందుకివ్వలేదు? మూడోదానికి ఏమంటాడో నాకు చెప్పండి. అప్పటిదాకా సంతకం చేయొద్దు. ఆదివారం ఉదయం వస్తున్నాను, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి.

మీ
మాధవి