విషయం: రైతువారీ సమ్మరీలో వేర్వేరు రైతుల మొత్తాలు ఒకే పేరు కింద కలిసిపోతున్నాయి (వెర్షన్ 4.2.1, టికెట్ 20881 మళ్లీ తెరవగలరు)

సపోర్ట్ టీమ్ వారికి నమస్కారం.

మాది ఆదోని మార్కెట్ యార్డులో పత్తి, వేరుశనగ కమీషన్ షాపు. మీ దగ్గర మా కస్టమర్ నంబరు 7716. పోయిన వారం ఇదే సమస్య రాస్తే "మా దగ్గర రావడం లేదు" అని టికెట్ మూసేశారు. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో రైతుల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంగ్లీషులో పెడితే మాకూ రాదు. పేరు తెలుగులో ఉంటేనే వస్తుంది, అప్పుడు ప్రతిసారీ వస్తుంది. దయచేసి కింద రాసినట్టే ఖాళీ కంపెనీలో చేసి చూడండి.

1. రైతు మాస్టర్‌లో ముగ్గురిని చేర్చండి: కోడ్ 101 వెంకటేశ్వరరెడ్డి, 102 వెంకటేశ్వరరావు, 103 వెంకటేశ్వర్లు. పేర్లు ఇక్కడి నుంచే కాపీ చేసుకోండి.
2. ఒకే తేదీ మీద ముగ్గురికీ పత్తి పట్టీలు వేయండి. 10, 5, 2 క్వింటాళ్లు, రేటు 7,000, కోతలేమీ వద్దు.
3. రిపోర్టుల్లో రైతువారీ సమ్మరీ తెరిచి, అదే తేదీ ఇచ్చి, ఫైలుగా ఎగుమతి చేయండి.

రావాల్సింది:

```
101,వెంకటేశ్వరరెడ్డి,10.00,70000.00
102,వెంకటేశ్వరరావు,5.00,35000.00
103,వెంకటేశ్వర్లు,2.00,14000.00
```

వస్తున్నది:

```
101,వెంకటేశ్వర,17.00,119000.00
```

స్క్రీన్ మీదా, ప్రింటులోనూ ఇదే వరుస. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు. అడుగున మొత్తం కూడా సరిగ్గానే ఉంటుంది కాబట్టి చూసినవాడికి అనుమానమే రాదు.

పట్టీలు విడిగా తెరిస్తే పేరూ డబ్బూ సరిగ్గా ఉన్నాయి. మాస్టర్‌లో పేరు పూర్తిగానే ఉంది. అంటే డేటా చెడలేదు, తప్పంతా సమ్మరీలోనే. అది పేరును 30 బైట్ల దగ్గర కోసి, కోడ్‌ను వదిలేసి, ఆ కోసిన పేరు మీద కూడుతోందని మా అనుమానం. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు, గుణింతం, సున్న, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ఆ లెక్కన పదో గుర్తు దగ్గర పేరు తెగుతుంది. పై ముగ్గురికీ మొదటి పది గుర్తులూ ఒకటే. "కె. రామిరెడ్డి" అని పెట్టి చూడండి, "కె. రామిరెడ" తర్వాత ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండు గుర్తు వస్తుంది. చుక్క, ఖాళీ ఒక్కో బైటు కాబట్టి అక్కడ కోత అక్షరం మధ్యలో పడుతోంది. నాగన్న లాంటి చిన్న పేర్లకు ఏమీ కాదు.

మా ఏర్పాటు: విండోస్ 11 ప్రో 64 బిట్, 8 జీబీ ర్యామ్, ఒక సర్వరు, రెండు బిల్లింగ్ కంప్యూటర్లు, ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు. మూడింటిలోనూ వస్తోంది. ఫాంటు గౌతమి నుంచి నిర్మలాకు మార్చినా అంతే. 4.1.8 ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఇవే పట్టీలు వేస్తే మూడు వరుసలూ విడిగా వచ్చాయి. కనుక నవంబరులో వచ్చిన అప్‌డేట్‌తోనే మొదలైంది.

మా క్యాషియర్ డబ్బులిచ్చేది ఈ సమ్మరీ చూసే. ఈ వైపు వెంకటేశ్వర్లు లేని ఊరుండదు, రామచంద్రారెడ్డి, రామచంద్రారావు కూడా ఇలాగే కలుస్తారు. ఒకాయనకు ఇంకొకరి పత్తి డబ్బు కూడా కలిపి ఇచ్చేశాం. ఆయన మర్యాదస్తుడు, తిరిగి తెచ్చిచ్చాడు. అసలు రైతు మాత్రం ఆ సాయంత్రమంతా మా గుమ్మం ముందు కూర్చున్నాడు. ఇప్పుడు పట్టీలు ఒక్కొక్కటీ చేత్తో కూడి చెల్లిస్తున్నాం. పత్తి జోరుగా దిగే రోజుల్లో చెల్లింపులు చీకటి పడేదాకా సాగుతున్నాయి. కౌతాళం, కోసిగి, హొళగుంద రైతులు బస్సు పోతుందని గొడవపడుతున్నారు, వాళ్లది తప్పని అనలేం.

పేర్లు ఇంగ్లీషులో పెట్టుకోమని ఫోన్లో చెప్పారు. పట్టీ రైతు చేతికి వెళ్లే కాగితం, తన పేరు తాను చదువుకోగలగాలి. పైగా తెలుగు పేర్లు వస్తాయనే ఈ సాఫ్ట్‌వేర్ కొన్నాం. కాబట్టి ఆ మార్గం మాకు కుదరదు.

మాకు కావలసినవి: సమ్మరీ రైతు కోడ్ మీద కూడేలా సరిచేసి, ఎప్పటికి ఇస్తారో తేదీ చెప్పండి. అందాకా 4.1.8కి వెనక్కి వెళ్తే ఈ సీజను పట్టీలు పోకుండా ఉంటాయా? "వెళ్లొచ్చు" అని మీరు రాతలో చెప్తేనే ముట్టుకుంటాం. పార్టీ లెడ్జరు, బ్యాంకు చెల్లింపుల ఫైలు కూడా ఇదే పద్ధతిలో కూడుతున్నాయేమో మీ వైపు చూడండి, మేము వాటిని ఇంకా పరీక్షించలేదు.

స్క్రీన్ రికార్డింగు, పై ముగ్గురు రైతులతో చేసిన పరీక్ష కంపెనీ బ్యాకప్పు జతచేశాను. అసలు రైతుల ఖాతా వివరాలు అందులో లేవు. మా కంప్యూటర్‌లోకి వచ్చి చూడాలంటే రాత్రి 8 తర్వాత రండి, పగలు కాటాలు నడుస్తుంటాయి.

ఇట్లు,
అకౌంట్స్ విభాగం,
కస్టమర్ నంబరు 7716,
మార్కెట్ యార్డు, ఆదోని, కర్నూలు జిల్లా