సుజాతకి, ఆదివారం గురించి

సుజా,

ఫోన్‌లో మాట్లాడదామనుకున్నాను. కానీ మొదలుపెడితే నువ్వు సారీ చెప్పడం, నేను పర్లేదనడం, అక్కడితో అయిపోతుంది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు, వెంటనే జవాబు రాయక్కర్లేదు.

మొన్న ఆదివారం రాలేనని నీ మెసేజ్ వచ్చేసరికి నేను గాజువాక నుంచి వచ్చి జగదాంబ దగ్గర బస్సు దిగాను. వెనక్కి వెళ్ళబుద్ధి కాలేదు. ఆటో ఎక్కి బీచ్ రోడ్డుకే వెళ్ళాను. మనం కలుద్దామనుకున్న సబ్‌మెరైన్ ఎదురుగా గోడమీద కూర్చుని మురీ మిక్స్చర్ తిన్నాను. కోపం రాలేదు సుజా. దిగులేసింది. నువ్వు రాలేదని మాత్రమే కాదు, నీ మెసేజ్ చూసి నేను ఆశ్చర్యపోలేదు, అందుకు. పొద్దున చీర తీస్తున్నప్పుడే 'వస్తుందో రాదో' అనుకున్నాను. నీ గురించి అలా అనుకోవడం నాకు ఇష్టం లేదు.

సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు కూడా నీకు చెప్పని మాట ఒకటి ఉంది. రాలేనని నువ్వు ఫోన్ చేసేటప్పటికి నేను తొలిపావంచా దగ్గర ఉన్నాను, చేతిలో రెండు కొబ్బరికాయలు. రెండూ నేనే కొట్టి, మా పక్కింటి వాళ్ళతో నడిచాను. 32 కిలోమీటర్లలో కాళ్ళ నొప్పులు ఇప్పుడు గుర్తులేవు. ఎంవీపీ కాలనీ వచ్చాక మీ వీధి మలుపు దగ్గర ఆగడం గుర్తుంది. ఫోన్ చేసి 'మంచినీళ్ళు పట్టుకుని కిందికి రా' అందామనుకున్నాను. ఎందుకో చేయలేకపోయాను. చేసి ఉండాల్సింది.

అరకు సంగతి సరే, ఆ రోజు మీ బాబుకి జ్వరం. అందులో అనుకోవడానికేం లేదు. కాకపోతే కిటికీ పక్క సీటు నీకోసమే ఉంచాను. కాలేజీ రోజుల్లో కిరండూల్ లైన్లో సొరంగాలు లెక్కపెడుతూ నువ్వో అంకె, నేనో అంకె చెప్పి పోట్లాడుకునేవాళ్ళం కదా. మొత్తం 58 అట. ఈసారి ఒక్కదాన్నే లెక్కపెట్టాను, శిమిలిగూడ రాకముందే తప్పిపోయాను. పక్కన నువ్వుంటే బాగుండేదనిపించింది.

ఇవన్నీ ఏకరువు పెట్టడం నిన్ను నిలదీయడానికి కాదు. నా వైపు ఎలా ఉందో నీకు తెలియకపోతే, నువ్వు మాత్రం ఏం చేస్తావు? నీ వైపు ఏం జరుగుతోందో నాకూ తెలియదు. ఇంట్లో పని తెమలట్లేదా, ఒంట్లో బాగుండట్లేదా, డబ్బు ఇబ్బందా, లేక బయటికి రావాలంటేనే మనసొప్పట్లేదా? నేను ఊహించుకుని ఏదో ఒకటి అనుకోవడం కన్నా నిన్నే అడగడం నయం. చెప్పాలనిపిస్తే చెప్పు. అనిపించకపోతే వద్దు.

నా పొరపాటు కూడా ఒకటి కనిపించింది. నేను నిన్ను 'కుదురుతుందా' అని అడగట్లేదు. 'వస్తున్నావు కదా, టికెట్లు తీసేస్తున్నా' అంటున్నాను. అలా అంటే నీకు కాదనడానికి చోటేదీ? అప్పటికి ఊఁ అనేసి, ఆ రోజు దాకా టెన్షన్ పడుతున్నావేమో. ఇకమీదట ముందు అడుగుతాను. నువ్వు రానంటే బతిమాలను, అలగను.

నిన్నొకటి అడగనా? కుదిరేలా లేదని అనుమానం వచ్చినప్పుడే, ముందురోజు రాత్రయినా సరే, 'రేపు డౌటే' అని ఒక్క మాట పెట్టు. కారణం రాయక్కర్లేదు. అప్పుడు నేను ఆదివారం అమ్మ దగ్గరికైనా వెళ్తాను. గాజువాక నుంచి రానూపోనూ రెండు బస్సులు, ఇంట్లో వంట ముందే చేసిపెట్టడం, పిల్లని అత్తయ్యగారికి అప్పజెప్పడం, వీటన్నిటి తర్వాత దారిలో ఆ మెసేజ్ చూడటమే నాకు కష్టంగా ఉంది. పిల్లలు ఉన్నట్టుండి జబ్బు పడటం లాంటివి వేరే. వాటికి ఎవరేం చేయగలరు?

కొన్నాళ్ళు పెద్ద ప్రోగ్రాములు వద్దులే. నువ్వెలాగూ శనివారం పొద్దున ఎంవీపీ రైతు బజార్‌కి వెళ్తావు. నీకు ఇబ్బంది లేదంటే నేనూ సంచి తెచ్చుకుని అక్కడికే వస్తాను. నీతోపాటు తిరుగుతాను, బయట ఒక టీ తాగుదాం. అరగంట చాలు. ఈ శనివారం కాకపోతే ఇంకో శనివారం. ఏ వారమో నువ్వే చెప్పు.

బాబుని అడిగానని చెప్పు.

నీ
లక్ష్మి