రెండో అధ్యాయం, 2.2 భాగం: తిరగరాసిన ప్రతి

మేడమ్, నమస్తే.

సూక్ష్మరుణం మీద వచ్చిన అధ్యయనాల గురించి నేను రాసిన సమీక్ష పాత ప్రతి మార్జిన్లో మీరు "ఇది సమీక్ష కాదమ్మా, హాజరుపట్టీ" అని రాశారు. నిజమే. ఏడాది వరసలో ఒక్కొక్కరి పేరు పిలిచాను, వాళ్ల మాట చెప్పించి కూర్చోబెట్టాను. ఏం మారిందో చూసుకోవడానికి వీలుగా పాతదాంట్లో ఒక ముక్క పైన ఉంచి, కొత్తది కింద ఇస్తున్నాను.

పాతది

"పిట్, ఖండ్కర్ (1998) బంగ్లాదేశ్‌లో మహిళలు తీసుకున్న ప్రతి 100 టాకాల రుణానికి ఇంటి వినియోగం 18 టాకాలు పెరిగిందని అంచనా వేశారు. ఫీల్డ్, పాండే, ప్యాప్, రిగోల్ (2013) కోల్‌కతాలో వాయిదాల మొదలును రెండు నెలలు వెనక్కి జరిపి చూశారు. రూడ్‌మన్, మోర్డక్ (2014) పాత గణాంకాలను మళ్లీ విశ్లేషించారు. బెనర్జీ, డఫ్లో, గ్లెన్నర్‌స్టర్, కినన్ (2015) హైదరాబాద్‌లో 104 బస్తీలను అధ్యయనం చేశారు."

రూడ్‌మన్, మోర్డక్‌లు తిరగదోడిన ఆ "పాత గణాంకాలు" పిట్, ఖండ్కర్‌లవే. ఆ సంగతి చదివేవాళ్లకు నేనెక్కడా చెప్పలేదు! అందుకే ఒక పెద్ద చార్టు మీద అధ్యయనాలను అడ్డంగా, మన ప్రశ్నలను నిలువుగా రాసుకున్నాను. ఒక్కో నిలువు గడిని ఒక శీర్షిక కింద రాశాను. ఏ గడిలోనూ ఇమడని ఏడు అధ్యయనాలు తీసేశాను. చదవడానికి నెల పట్టినవి, ప్రాణం ఒప్పలేదు గానీ తీసేశాను.

కొత్తది

2.2 సూక్ష్మరుణం ఎవరికి, ఎంతవరకు, ఎవరి చేతుల్లో

*రాబడి: సగటు చెప్పేది, సగటు దాచేది*

సూక్ష్మరుణం పేదరికాన్ని తగ్గిస్తుందన్న తొలినాటి నమ్మకానికి పిట్, ఖండ్కర్‌ల (1998) అంచనా పెద్ద ఆధారం: మహిళ తీసుకున్న ప్రతి 100 టాకాలకు ఇంటి వినియోగంలో 18 టాకాల పెరుగుదల, పురుషుడు తీసుకుంటే 11. అవే గణాంకాలను మళ్లీ లెక్కగట్టిన రూడ్‌మన్, మోర్డక్ (2014), మిగతావాటికి చాలా దూరంగా ఉన్న కొద్దిపాటి విలువలను పక్కన పెడితే ఆ ఫలితం నిలవదని చూపారు. పిట్ ఈ విమర్శను ఒప్పుకోలేదు. వాదం గణాంక పద్ధతి మీదే నడిచింది. రుణం తీసుకున్నవారు తీసుకోనివారి కంటే మొదటినుంచే వేరై ఉండవచ్చన్న చిక్కు మాత్రం ఆ వాదంతో తీరేది కాదు.

ఆ చిక్కును దాటడానికి వచ్చినవే యాదృచ్ఛిక ప్రయోగాలు. భారత్, బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో జరిగిన ఆరు ప్రయోగాలు 2015లో ఒకేచోట వెలువడ్డాయి. దేశాలు, రుణ షరతులు వేరైనా అన్నీ దాదాపు ఒకే మాట చెప్పాయి: కొంత మేలు ఉంది గానీ, బతుకులు మారిపోయేంత లేదు. హైదరాబాద్‌లో 104 బస్తీల్లో సగానికి ముందుగా రుణసంస్థ శాఖలు తెరిచారు. అక్కడ మన్నికైన వస్తువుల మీద ఖర్చు పెరిగింది, పాన్, పొగాకు వంటివాటి మీద తగ్గింది, మొత్తం వినియోగం మాత్రం చెప్పుకోదగ్గంతగా కదలలేదు (బెనర్జీ తదితరులు, 2015).

అయితే "ప్రభావం లేదు" అని ఇక్కడితో ముగించడం తొందరపాటు. హైదరాబాద్‌లోనే, లాభాల్లో పైవరసన ఉన్న వ్యాపారాలకు మేలు జరిగింది. రుణసంస్థ రాకముందే వ్యాపారం నడుపుతున్నవారికి ఆ మేలు ఏళ్ల తర్వాతా నిలిచిందని బెనర్జీ, బ్రెజా, డఫ్లో, కినన్ ఆ తర్వాతి అధ్యయనంలో చూపారు. అన్ని ప్రయోగాలనూ కలిపి విశ్లేషించిన మీగర్ (2019, 2022)కు కూడా సగటు ప్రభావం చిన్నదిగా, అనిశ్చితంగానే కనిపించింది. ఏదైనా మార్పు ఉంటే అది పైకొసనే ఉంది. కాబట్టి ఈ పరిశోధనకు పనికొచ్చే ప్రశ్న "రుణం పనిచేస్తుందా" అన్నది కాదు, "ముందే కుట్టుమిషనో కొట్టో ఉన్న మహిళకూ, ఏమీ లేని మహిళకూ అది ఒకేలా పనిచేస్తుందా" అన్నది.

*షరతులు: వాయిదా, సమావేశం, పూచీ*

ఇంత కొద్ది ప్రభావానికి రుణం షరతులే కారణమా? కోల్‌కతాలో మొదటి వాయిదాను రెండు నెలలు వెనక్కి జరిపితే మహిళలు వ్యాపారంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు, దీర్ఘకాలంలో లాభాలూ పెరిగాయి, కానీ ఎగవేతలు కూడా పెరిగాయి (ఫీల్డ్ తదితరులు, 2013). రుణగ్రహీతకు లాభమైనది రుణదాతకు గండి అన్నమాట. సంస్థలు వారం వారం వసూలును ఎందుకు వదలవో దీన్నిబట్టి తెలుస్తుంది.

వారం వాయిదా బదులు నెల వాయిదా పెడితే ఎగవేత పెరగలేదని అదే నగరంలో ఫీల్డ్, పాండే (2008) చూపారు. ఫైగెన్‌బర్గ్, ఫీల్డ్, పాండే (2013) మాత్రం మొదటి రుణంలో వారం వారం కలుసుకున్నవారు రెండో రుణంలో తక్కువగా ఎగవేశారన్నారు. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. ఒకటి ఆ రుణం తీరేవరకే చూసింది, రెండోది సమావేశాల వల్ల ఏర్పడిన పరిచయాలు తర్వాత ఏం చేశాయో చూసింది. ఇక ఉమ్మడి పూచీ తీసేసినా ఫిలిప్పీన్స్‌లో వసూళ్లు తగ్గలేదు (జీనే, కార్లన్, 2014). మంగోలియాలోనూ వసూళ్లలో తేడా లేదు, కానీ తిండి మీద ఖర్చు గ్రూపు రుణాల్లోనే పెరిగింది (అటనాసియో తదితరులు, 2015). గ్రూపు విలువను వసూలు లెక్కతోనే కొలిస్తే ఇది దొరకదు.

*పెత్తనం: సొమ్ము ఎవరి చేతిలో*

1996లో ఒకే పత్రికలో, ఒకే దేశం గురించి రెండు ఎదురెదురు తీర్పులు వచ్చాయి. గోట్జ్, సేన్‌గుప్తా బంగ్లాదేశ్‌లో మహిళల పేరున వచ్చిన రుణాల్లో చాలా భాగం ఇంటి మగవారి అదుపులో ఉందన్నారు. హషెమీ, షూలర్, రైలీ మాత్రం రుణ కార్యక్రమాల వల్ల మహిళల సాధికారత పెరిగిందన్నారు. మొదటివారు రుణాన్ని ఎవరు వాడుతున్నారో చూశారు. రెండోవారు బయటికి వెళ్లడం, కొనుగోళ్లు, ఇంటి నిర్ణయాలు చూశారు. కొలబద్దలు వేరైతే తీర్పులు వేరవడంలో వింత లేదని కబీర్ (2001) చెప్పి, ఆ మహిళల మాటనే ఆధారంగా తీసుకున్నారు. హైదరాబాద్ ప్రయోగంలో సాధికారత మీద ప్రభావం కనిపించకపోవడాన్ని కూడా ఈ జాగ్రత్తతోనే చదవాలి.

*రుణం తీసుకోనివారి మాట*

పై అధ్యయనాల్లో చాలావాటికి రుణగ్రహీత ఇంటి గడపే హద్దు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్సు తేవడంతో ఇక్కడ నష్టపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ రుణాలు తగ్గించాయి. అలా రుణాలు తగ్గిన జిల్లాల్లో రోజుకూలీ రేట్లు, వినియోగం పడిపోయాయి (బ్రెజా, కినన్, 2021). మేలు కూడా ఇలాగే గడప దాటవచ్చు: ఆంధ్రప్రదేశ్ పొదుపు సంఘాల కార్యక్రమం నడిచినచోట సంఘంలో లేని మహిళల సాధికారత సైతం పెరిగింది (డీనింగర్, లియూ, 2013). బిహార్‌లో సంఘం రుణం వచ్చాక బయటి అప్పు, దాని వడ్డీ భారం తగ్గాయి (హాఫ్‌మన్ తదితరులు, 2021). అంటే కొత్త అప్పు పాత అప్పు మీద కాకుండా, దాని చోట్లోకి వచ్చింది.

ఈ అధ్యయనాలు సంఘం రుణాన్నో, సంస్థ రుణాన్నో విడిగా తీసుకున్నాయి. మన సర్వే గ్రామాల్లో ఒకే మహిళకు రెండూ ఉన్నాయి, మంగళవారం ఒక వాయిదా, నెలాఖరున ఇంకొకటి. ఒకటి రెండోదాన్ని తీరుస్తోందా, దాని మీద పేరుకుంటోందా అన్నదే ఈ పరిశోధన ప్రశ్న.

మీరు చూడవలసినవి

మేడమ్, కబీర్‌ను పెత్తనం కింద ఉంచాను గానీ ఆమె వాదం అసలు కొలత గురించి. మూడో అధ్యాయానికి పంపమంటే పంపుతాను. మొదటి శీర్షిక కింద మూడు పేరాలు, చివరిదాని కింద రెండే వచ్చాయి. సమానం చేద్దామని చూశాను, ఊరికే నీళ్లు కలిపినట్టయింది. అలాగే వదిలేశాను.